రెండు నెలలకే ‘పోయే’ పర్మ్: పోతున్నది వంకీనా, జుట్టా?

తిన్నని జుట్టుకు మందుతో వదులు అలలు తెప్పించే మగవాళ్ల టెక్స్చర్ పర్మ్ మీద పాత తగువే మళ్లీ రాజుకుంది. రెండు నెలలకే పోయిందని చేయించుకున్నవాళ్లు అంటారు. పోలేదు, జుట్టు పెరిగిందని చేసినవాళ్లు అంటారు.

పర్మ్ కోసం తల మీద వేడి యంత్రాలు బిగించిన తొలిరోజుల సంగతి చాలామందికి తెలిసిందే. ఇప్పటి తగువుకు మూలం 1938లో ఉంది. ఆ ఏడాది ఆర్నాల్డ్ విల్లాట్ వేడి అక్కర్లేని ‘కోల్డ్ వేవ్’ తెచ్చారు. ఇప్పటికీ నడుస్తున్నది ఆ దారే. మొదటి ద్రావణం వెంట్రుకలోని గంధకపు బంధాలను తెంచుతుంది. మెత్తబడ్డ వెంట్రుక చుట్టిన రాడ్ ఆకారానికి ఒదుగుతుంది. తర్వాత పోసే న్యూట్రలైజర్, అంటే పలుచని హైడ్రోజన్ పెరాక్సైడ్, ఆ బంధాలను కొత్త ఆకారంలోనే మళ్లీ కలుపుతుంది. ఇదంతా బయటికొచ్చిన వెంట్రుకలోనే జరుగుతుంది. చర్మం లోపలి కుదురుకు ఈ సంగతే తెలియదు, అది ఎప్పటిలా తిన్నని జుట్టునే పుట్టిస్తుంది.

పైన 10 సెంటీమీటర్ల జుట్టున్న తలను తీసుకుందాం. 10 మిల్లీమీటర్ల మందం రాడ్‌కు ఒక చుట్టుకు సుమారు 3 సెంటీమీటర్ల జుట్టు పడుతుంది కాబట్టి మూడు చుట్లు వస్తాయి. ఆరాక అవి బిగుతు రింగుల్లా కాక వదులు అలల్లా కనిపిస్తాయి. పక్కలు, వెనక పొట్టిగానే ఉంటాయి, వాటికి మందు తగలదు. జుట్టు నెలకు సుమారు సెంటీమీటరు పైన పెరుగుతుంది. రెండు నెలలకు కుదుళ్ల దగ్గర రెండు సెంటీమీటర్లకు పైగా తిన్నగా ఉంటుంది. ఈలోగా రెండు కటింగుల్లో చివర్లు నాలుగు సెంటీమీటర్లు పోతే మిగిలేవి రెండు చుట్లే. చేసినవాళ్ల మాట ఇక్కడ నిజం.

అయితే ఒక మినహాయింపు ఉంది. మొదటి వారం పది రోజుల్లోనే కుదురు నుంచి చివరిదాకా అల సడలిపోతే తప్పు పనిదే. మందు కడిగాక రాడ్ల మీది తడిని టవల్‌తో గట్టిగా అద్ది తీయకపోతే, మిగిలిన నీళ్లు న్యూట్రలైజర్‌ను పలుచన చేస్తాయి, బంధాలు సరిగా కలవవు. ముందే తేల్చుకునే మార్గమూ ఉంది. మందు పని చేస్తుండగా ఒక రాడ్‌ను చుట్టున్నర విప్పి, పాయను తలవైపు కొద్దిగా నెట్టాలి. రాడ్ మందానికి తగ్గ S ఆకారం తేలితే చాలు, తేలకుంటే ఇంకాస్త ఆగాలి. చివర్లు గరుకుగా పీచులా మారితే మందు ఎక్కువసేపు ఉందని అర్థం. ఆ భాగం మళ్లీ బాగుపడదు, కత్తిరించాల్సిందే.

పెంచి వదిలించుకునేవాళ్లకు కష్టమైన రోజులు మూడో నెల నుంచి ఐదో నెల దాకా. కుదుళ్లు అణిగిపోయి, చివర్లు ఉబ్బుతాయి. పక్కలను మూడు వారాలకోసారి పొట్టిగా ఉంచి, పైన చివర్లను మాత్రం నెలకో రెండు సెంటీమీటర్లు తీయిస్తే ఐదారు నెలల్లో పర్మ్ భాగం పూర్తిగా పోతుంది. పాత భాగం మీదే మళ్లీ పర్మ్ వేయించకూడదు. ఒకసారి తెగి కలిసిన వెంట్రుక రెండోసారి విరిగిపోయే ప్రమాదం ఎక్కువ.