నిమ్మరసంలోని సిట్రేట్: పంటి దగ్గర ఒకలా, కిడ్నీలో మరోలా

పరగడుపున గోరువెచ్చని నీళ్లలో నిమ్మకాయ పిండుకుని తాగితే ఒంట్లో విషాలు పోతాయా, కిడ్నీలో రాళ్లు కరుగుతాయా అని ఒక పాఠకురాలు అడిగారు. మొదటిదానికి జవాబు చిన్నది: పోవు. ఆ పని కాలేయం, కిడ్నీలు రాత్రీపగలూ చేస్తూనే ఉంటాయి. డిటాక్స్ పేరుతో పొడులు అమ్మేవాళ్లను ఏ విషం పోతుందని అడిగి చూడండి, ఒక్క పేరు కూడా చెప్పరు.

రెండో ప్రశ్నలో మాత్రం చక్కని రసాయనశాస్త్రం ఉంది. రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేట్‌వే. మూత్రంలో ఈ రెండూ కలిస్తే స్ఫటికం మొదలవుతుంది. నిమ్మకు పులుపునిచ్చే సిట్రిక్ ఆమ్లం నుంచి వచ్చే సిట్రేట్ అక్కడ ఉంటే అది కాల్షియాన్ని ముందే పట్టేసుకుంటుంది. ఆ జంట నీళ్లలో కరిగే ఉంటుంది కాబట్టి మూత్రంతో పాటే బయటికి పోతుంది. అప్పటికే పుట్టిన సన్న స్ఫటికాలకు కూడా సిట్రేట్ అతుక్కుని వాటిని పెరగనివ్వదు. అంతేగానీ గట్టిపడిపోయిన కాల్షియం రాయిని కరిగించదు.

కాల్షియాన్ని పట్టుకునే ఈ గుణమే పంటికి చేటు. ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే పీహెచ్ అనే కొలత సుమారు 5.5 కంటే తగ్గితే పంటి పైన ఉండే గట్టి పొర ఎనామిల్ కరగడం మొదలవుతుంది. నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.5 దాకా ఉంటుంది. పైగా సిట్రేట్ ఎనామిల్‌లోని కాల్షియాన్నీ లాగుతుంది. చల్లనీళ్లకు పళ్లు జివ్వుమనడం, ముందు పళ్ల అంచులు అద్దంలా పలచబడటం, లోపలి పసుపు రంగు బయటపడటం దీని గుర్తులు. గుటక గుటకగా చప్పరించకుండా తాగేసి, మామూలు నీళ్లతో పుక్కిలించండి. వెంటనే బ్రష్ చేయకండి, మెత్తబడిన పొర అరిగిపోతుంది. తాగకముందే తోముకోవడం మేలు.

తాగిన సిట్రేట్ నేరుగా మూత్రంలోకి వెళ్లదు. చాలావరకు ఒంట్లోనే ఖర్చైపోతుంది. డాక్టర్లు రాసే పొటాషియం సిట్రేట్ ఖర్చయ్యాక బైకార్బనేట్ మిగులుతుంది, రక్తం కాస్త క్షారం వైపు జరుగుతుంది. అప్పుడు కిడ్నీ సిట్రేట్‌ను వెనక్కి పీల్చుకోవడం తగ్గించి మూత్రంలోకి వదులుతుంది. నిమ్మరసంలో ఉన్నది ఎక్కువగా సిట్రిక్ ఆమ్లమే, అది ఖర్చయ్యాక బైకార్బనేట్ అంతగా మిగలదు, అందుకే దానికి ఇంత బలం లేదు.

లెక్క చూద్దాం. రాళ్ల రోగులకు చెప్పే నిమ్మరసం మోతాదు రోజుకు 120 మి.లీ., దాన్ని రెండు లీటర్ల నీళ్లలో కలిపి రోజంతా తాగాలి. మన నిమ్మకాయ ఒకటి పిండితే 20 మి.లీ. రావచ్చు. అంటే ఆరు కాయలు! పొద్దున్న తాగే గ్లాసులో ఉన్నది ఒక్కటే, కాబట్టి అక్కడ ఎక్కువ మేలు చేసేది నీళ్లే. అందులో ఉప్పు వేస్తే సోడియం వల్ల మూత్రంలో కాల్షియం పెరిగి, వచ్చే కాస్త లాభమూ తగ్గుతుంది.

రాళ్లు మళ్లీ మళ్లీ వస్తుంటే 24 గంటల మూత్రం పట్టి పరీక్ష చేయించండి. సిట్రేట్ 320 మి.గ్రా. కంటే తక్కువుంటే మాత్ర వాడాలో లేదో డాక్టరు తేలుస్తారు. కిడ్నీలు దెబ్బతిన్నవారికి ఆ మాత్రలోని పొటాషియం ప్రమాదం, సొంతంగా కొని వేసుకోకూడదు.