భాగహారంలో కింద ఏ అంకె?

"మామా, పది శాతమే రావాలంటరు గదా, నాకు ముప్పై ఎనిమిది వచ్చిందేంది?" అంటూ మా అక్క బిడ్డ నోటుబుక్కు నా ముందు పెట్టింది. నల్గొండలో బీఎస్సీ చదువుతోంది. ఆహార గొలుసులో ఒక మెట్టు నుంచి పై మెట్టుకు ఎంత శక్తి చేరుతుందో లెక్కగట్టడం అసైన్‌మెంటు.

ఇచ్చిన అంకెలు ఫ్లోరిడాలోని సిల్వర్ స్ప్రింగ్స్ అనే ఊటనీటివి. పర్యావరణ శాస్త్రవేత్త హోవార్డ్ ఓడమ్ 1957లో ప్రచురించినవి. అన్నీ చదరపు మీటరుకు, ఏడాదికి, కిలో క్యాలరీల్లో. మొక్కలు పట్టుకున్న మొత్తం శక్తి 20,810. అందులో తమ శ్వాసక్రియకే 11,977 ఖర్చు. మిగిలిన 8,833 నికర ఉత్పత్తి, అంటే పైవాళ్లకు తిండిగా దొరికేది. శాకాహారులు ఒంటబట్టించుకున్నది 3,368, శ్వాసక్రియ పోను నికరం 1,478. వాటిని తినే మాంసాహారులకు చేరింది 383, నికరం 67.

పిల్ల 3,368ని 8,833తో భాగించింది. 38.1 శాతం. తర్వాత 383ని 1,478తో భాగించింది. 25.9 శాతం. రెండుచోట్లా పైన శ్వాసక్రియ ఖర్చు తీసెయ్యని స్థూలం, కింద అది తీసేసిన నికరం.

తప్పు పట్టుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. రెండు శాతాలను గుణిస్తే మొక్కల నుంచి మాంసాహారుల దాకా మొత్తం సామర్థ్యం రావాలి. గుణిస్తే 9.9 శాతం వచ్చింది. నేరుగా 383ని 8,833తో భాగిస్తే 4.3 శాతమే. మొదటి మెట్టులో పైన పెట్టిన అంకె రెండో మెట్టులో కిందికి రాలేదు, అందుకే గొలుసు తెగింది.

నికరాన్ని నికరంతో భాగించమన్నాను. 1,478 ÷ 8,833 అంటే 16.7 శాతం. 67 ÷ 1,478 అంటే 4.5 శాతం. రెండూ గుణిస్తే 0.76 శాతం, 67 ÷ 8,833 కూడా అంతే. ఇప్పుడు అతికింది. పది శాతమనేది ఉజ్జాయింపు మాట, ప్రతి మెట్టుకూ సరిగ్గా అంతే రావాలని లేదు.

అయినా పిల్ల లెక్క వృథా కాలేదు, అది సగం జవాబు. మొక్కల నికరంలో శాకాహారుల ఒంటబట్టింది 38.1 శాతం. ఒంటబట్టినదాంట్లో ఒళ్లుగా మారింది 1,478 ÷ 3,368, అంటే 43.9 శాతం. ఈ రెంటినీ గుణిస్తే అదే 16.7. మాంసాహారుల దగ్గర ఈ రెండో భాగమే దెబ్బతింది: 383లో 316 శ్వాసక్రియకే పోయింది, ఒళ్లుగా మారింది 17.5 శాతం. 4.5 ఎందుకంత తక్కువో ఇక్కడ తెలుస్తుంది. శాకాహారులకు అందని 5,465 మాయం కాలేదు. కొంత కుళ్లబెట్టే జీవులకు పోయింది, కొంత నీటితో కొట్టుకుపోయింది.

"మరి మన పానగల్లు చెరువుకు కూడా చేస్తే? చేపలను, పచ్చనీళ్లల్ల నాచును తూకం వేద్దాం" అంది. ఒక్కరోజు తూకం ఉన్న సరుకు ఎంతో చెబుతుంది, ఏడాదిలో ఎంత పుట్టిందో చెప్పదు. సూక్ష్మ నాచు అనువైన రోజుల్లో ఒకటి రెండు రోజులకే రెట్టింపవుతుంది, పుట్టింది పుట్టినట్టే తినబడుతుంది. చేప నెలల తరబడి పెరుగుతుంది. ఆ తూకాలతో భాగహారం చేస్తే వంద శాతం దాటినా దాటొచ్చు.