రాయగడ బిల్లులో ఆ ఒక్క పైసా

పార్వతీపురం నుంచి ఒడిశాలోని రాయగడ వెళ్ళే సరుకు బిల్లుల మీద ఒక్క పైసా తగాదా మళ్ళీ లేచింది. అమ్మినవాళ్ళ బిల్లులో, రాష్ట్రం దాటే సరుకు మీద పడే ఐజీఎస్టీ 453.30. కొన్నవాళ్ళ అకౌంటెంటు లెక్కలో 453.31. అది తేలేదాకా డబ్బు పంపేది లేదంటున్నారు కొన్నవాళ్ళు.

జీఎస్టీ పుట్టుపూర్వోత్తరాలు అందరికీ తెలిసినవే. ఈ గొడవకు మూలం మాత్రం ఈ-ఇన్వాయిస్, అంటే ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించే బిల్లు. 2020 అక్టోబరు 1న 500 కోట్ల టర్నోవరు దాటినవాళ్ళతో మొదలై, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటిన వ్యాపారులకూ తప్పనిసరైంది. అలా చిన్న పట్టణాల హోల్‌సేల్ కొట్లకూ వచ్చేసింది. అంతకుముందు బిల్లు అడుగున మొత్తం మీద ఒకేసారి పన్ను లెక్కకట్టేసేవాళ్ళు చాలామంది. ఈ-ఇన్వాయిస్‌లో ప్రతి సరుకు పన్నూ `IgstAmt` గడిలో పైసల వరకు విడిగా రాయాలి, వాటి మొత్తం `IgstVal`లో చూపాలి.

పేచీ పడ్డ బిల్లులో సరుకులు మూడు, అన్నీ 18 శాతానివే. విలువలు 1,240.30, 865.80, 412.30. పన్నులు 223.254, 155.844, 74.214. ప్రతి వరుసలోనూ చివరి 4 పోతుంది. మిగిలినవి కూడితే 453.30. విలువలు ముందే కూడి, 2,518.40 మీద 18 శాతం లెక్కకడితే 453.312, అంటే 453.31. మూడు వరుసల్లో రాలిన పొట్టే ఆ పైసా.

మొత్తం మీద ఒక్కసారే సవరిస్తే తేడా తక్కువ వస్తుందన్న కొన్నవాళ్ళ మాట లెక్కప్రకారం నిజమే. కానీ పోర్టల్‌కు వెళ్ళింది వరుసల మొత్తం. కొన్నవాళ్ళకు రావాల్సిన పన్ను క్రెడిట్‌ను పోర్టల్ చూపే 2బీ పట్టికలో కనిపించేదీ 453.30. 2022 జనవరి 1 నుంచి అమ్మినవాళ్ళు చూపిన పన్ను వరకే క్రెడిట్. ఆ పైసా పోర్టల్‌కు అడ్డే కాదు, రూపాయి దాకా తేడాను అది పట్టించుకోదు. పట్టుకున్నది కొన్నవాళ్ళ సాఫ్ట్‌వేరే. పైగా రౌండాఫ్ 0.30 అయినా 0.29 అయినా ఇవ్వాల్సింది 2,972 రూపాయలే!

కాబట్టి కొన్నవాళ్ళు బిల్లులో ఉన్న పన్నునే పద్దు వేసుకోవాలి, మళ్ళీ లెక్కకట్టకూడదు. తమ ఆర్డరు లెక్కతో పైసా తేడా వస్తే రౌండాఫ్ ఖాతాకు రాయాలి, ఐజీఎస్టీ ఖాతాను ముట్టుకోకూడదు.

5 శాతం పన్ను పడే సరుకును రాయగడలో లోకల్‌గా అమ్మితే ఇంకో చిక్కు. 100.20 మీద 5 శాతం ఐజీఎస్టీ 5.01. ఒడిశాలోనే అమ్మితే కేంద్రం పన్ను సీజీఎస్టీ, రాష్ట్రం పన్ను ఎస్‌జీఎస్టీ చెరో 2.505, సవరిస్తే చెరో 2.51, మొత్తం 5.02. దీన్ని 5.01కి దించాలని ఒకదాన్ని 2.50 చేయకూడదు. అవి రెండు వేరు పన్నులు, రెండూ సమానంగానే ఉండాలి.