ఒకే మనిషి, రెండు హెచ్ఐవీ రిపోర్టులు: తగవు ఎక్కడ మొదలైంది

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపూర్ వైపు తెలుగు ఇళ్లలో ఈ తగవు మళ్లీ లేచింది. సూరత్ మగ్గాల నుంచి జ్వరంతో దిగిన మనిషికి ప్రైవేటు ల్యాబు ‘రియాక్టివ్’ అని, అంటే పరీక్షలో హెచ్ఐవీ జాడ తగిలిందని రాస్తుంది. మర్నాడు ప్రభుత్వాసుపత్రిలోని హెచ్ఐవీ సలహా, పరీక్షా కేంద్రమైన ఐసీటీసీ ‘నెగెటివ్’ అంటుంది. ల్యాబువాళ్లు డబ్బు కోసం భయపెట్టారని ఒకరు, సర్కారు కిట్టు పనికిరాదని ఇంకొకరు. నెలన్నర తర్వాత పాజిటివ్ అని తేలితే తగవు కాస్తా పెళ్లి మీదికి మళ్లుతుంది: ‘ముందే ఉంది, దాచి చేశారు.’

ఈ తగవును విప్పే మలుపు 2014 జూన్‌లో అమెరికాలో హెచ్ఐవీ పరీక్ష పద్ధతి మారడం. పాత పరీక్షలు వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసే యాంటీబాడీలనే వెతుకుతాయి. అవి రక్తంలో తేలడానికి మూడు వారాలు మొదలుకొని మూడు నెలల దాకా పట్టవచ్చు. నాలుగో తరం పరీక్ష యాంటీబాడీలతో పాటు పీ24 అనే వైరస్ ప్రోటీన్‌ను కూడా పట్టుకుంటుంది. సిర రక్తంతో ల్యాబులో చేస్తే 18 నుంచి 45 రోజుల్లో చాలామందిలో తేలుస్తుంది. చిక్కు ఎక్కడొచ్చిందంటే, దీని ఫలితాన్ని నిర్ధారించడానికి అప్పటిదాకా వాడిన వెస్టర్న్ బ్లాట్ యాంటీబాడీలను మాత్రమే చూసేది. కొత్తగా సోకిన మనిషికి మొదటిది రియాక్టివ్, రెండోది నెగెటివ్ వచ్చేది, చివరికి నెగెటివ్ అని రాసేవారు. అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2014లో ఆ పద్ధతి మార్చింది. ఆ రెండూ కలవకపోతే నెగెటివ్ అని రాయకుండా, వైరస్ ఆర్‌ఎన్‌ఏను నేరుగా వెతికే న్యాట్ పరీక్ష చేయాలంది.

ఐసీటీసీలో యాంటీబాడీలను చూసే మూడు వేర్వేరు రాపిడ్ కిట్లుంటాయి. మొదటి కిట్టులో గీత రాకపోతే మిగతా రెండూ తీయరు, నెగెటివ్ అని ఇస్తారు. సోకినా పరీక్షలో తేలని తొలిరోజుల్ని, అంటే విండో పీరియడ్‌ను దాటిన వాళ్లకు ఈ పద్ధతి నమ్మదగినదే, టెక్నీషియన్ చేసింది నిబంధన ప్రకారమే. లోపం అంతకుముందే జరిగింది: ‘చివరి కలయిక ఎన్నాళ్ల కిందట?’ అని నాలుగో తరం పరీక్ష చేసిన ప్రైవేటు ల్యాబు అడగలేదు, ఇదెందుకు రియాక్టివ్ వచ్చిందో చెప్పి పంపలేదు. నాలుగో తరం పరీక్షలోనూ తప్పుడు రియాక్టివ్‌లుంటాయి. ఫలితం రియాక్టివ్ హద్దుకు ఎన్ని రెట్లుందో చెప్పే కటాఫ్ నిష్పత్తి రిపోర్టులో ఒకటికి కాస్త పైన ఉంటే ఆ అనుమానం ఎక్కువ, పదుల్లో ఉంటే తక్కువ. తేల్చేది మాత్రం న్యాటే.

ఉదాహరణకు ఒక మనిషిని అనుకుందాం. పెళ్లయి రెండేళ్లు. కలయిక జరిగిన 20వ రోజు జ్వరం, గొంతునొప్పి, ఒంటిమీద దద్దుర్లు. 24వ రోజు నాలుగో తరం పరీక్ష రియాక్టివ్, నిష్పత్తి 38. 25వ రోజు రాపిడ్ నెగెటివ్. 27వ రోజు తీసిన రక్తంలో వైరల్ లోడ్, అంటే వైరస్ మోతాదు, మిల్లీలీటరుకు 23 లక్షల కాపీలు; రోగాన్ని ఎదుర్కోవడంలో తోడ్పడే సహాయక కణాలైన సీడీ4 310. 60వ రోజు మూడు కిట్లూ రియాక్టివ్. ఇక్కడ సీడీ4 ఒక్కటే చూసినవాడు ‘310కి పడిందంటే ఏళ్ల నాటి జబ్బు’ అంటాడు. అదే తప్పు. సోకిన తొలి వారాల్లో వైరస్ విపరీతంగా పెరిగి సహాయక కణాలు ఒక్కసారిగా పడిపోతాయి, తర్వాత కొంత కోలుకుంటాయి. ఏళ్ల నాటి జబ్బయితే 25వ రోజు రాపిడ్ కిట్టులో గీత దాదాపు ఖాయంగా వచ్చేది. పీ24 ఉండి, యాంటీబాడీ లేకపోవడమే ఇది కొత్తదనడానికి గట్టి ఆధారం. లక్షల్లో ఉన్న వైరల్ లోడ్ దానికి తోడు.

సీడీ4ను జబ్బు వయసుగా చదివే అలవాటు మందుల చరిత్ర నుంచి వచ్చింది. 2004లో మన దేశంలో హెచ్ఐవీని అణిచే ఉచిత ఏఆర్‌టీ మందులు మొదలైనప్పుడు ఆ అంకె 200కి పడితేనే మందు. ఆ గీత మెల్లగా పైకి జరిగి, 2017లో అంకెతో పనిలేకుండా అందరికీ మందు వచ్చింది. మరుసటి ఏడు వైరల్ లోడ్ పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలో చేరింది. అయినా దాన్ని మందు మొదలెట్టిన ఆరు నెలలకు గానీ తీయరు. కాబట్టి తొలిరోజు ఇంటివాళ్ల చేతిలో ఉండేది సీడీ4 కాగితమే. అదీ నిలకడైన అంకె కాదు: పూటను బట్టి, జ్వరాన్ని బట్టి మారుతుంది. రక్తం గది వేడిమిలో ఉంచి 48 గంటల్లో నడపాలి, ఫ్రిజ్‌లో పెడితే లెక్క నమ్మలేం.

ఆరు నెలలకు వైరల్ లోడ్ వెయ్యి దాటితే, సీడీ4 పెరిగినా సరే, మాత్రలు సరిగా పడుతున్నాయో చూసి, సరిచేసి, మూడు నెలలకు మళ్లీ తీస్తారు. వైరల్ లోడ్ కనిపించకుండా ఉండి సీడీ4 తక్కువగానే మిగిలితే మందు పనిచేస్తున్నట్టే. మందు మార్చరు, ఇతర ఇన్ఫెక్షన్లు రాకుండా కోట్రైమాక్సజోల్ కొనసాగిస్తారు.

మొదటిసారి పరీక్షకు వచ్చినప్పుడే మూడు కిట్లూ రియాక్టివ్ అయిన మనిషి విషయంలో మాత్రం సీడీ4, వైరల్ లోడ్ రెండూ చేతిలో ఉన్నా సోకిన తేదీ చెప్పలేం. కణాలు పడిపోయే వేగం మనిషికీ మనిషికీ మారుతుంది. ఆ కాగితం పెద్దమనుషుల ముందు సాక్ష్యంగా నిలవదు. కోర్టు ఉత్తర్వు లేకుండా ఎవరి చేతా వారి హెచ్ఐవీ స్థితిని బలవంతంగా చెప్పించకూడదని 2018 సెప్టెంబరు 10 నుంచి చట్టం కూడా ఉంది.