గుడి కప్పు కోసం కానుక అడిగేటప్పుడు

జమ్మలమడుగు

ప్రియమైన పిల్లలారా,

గుడి రేకుల కప్పు బాగుచేయడానికి కావలసిన కానుకల గురించి కోతకాల పండుగ ఆదివారం నాడు పది నిమిషాలు మాట్లాడమని పాస్టరుగారు మీ యువజనులకు అప్పగించారని తెలిసి సంతోషించాను. మీరు రాసి పంపిన ప్రసంగాన్ని రెండుసార్లు చదివాను. భాష బాగుంది. అయితే మలాకీ గ్రంథంలోని శాపం, పేద విధవరాలి రెండు కాసులు, ఇచ్చినవారి పేర్లు మైకులో చదవాలన్న ఆలోచన, ఈ మూడింటి దగ్గర నా కలం ఆగిపోయింది. అవి ఎందుకు తీసివేయమంటున్నానో, వాటి స్థానంలో ఏమి చెప్పవచ్చో వివరంగా రాస్తున్నాను.

నేను కోశాధికారిగా ఉన్న రోజుల్లో ఉజ్జీవ కూటాలకు వచ్చిన ఒక ప్రసంగీకుడు, ఐదు వేలు ఇచ్చేవారు లేచి నిలబడాలని అడిగి, తరువాత రెండు వేలకు, వెయ్యికి దిగి, చివరికి ఐదు వందల దగ్గర ఇంకా కూర్చొని ఉన్నవారి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపుకు తాళలేక కూలి పనికి వెళ్లే ఒక అక్క లేచింది. సోమవారం ఉదయం ఆమె మా ఇంటి వాకిట్లోకి వచ్చి, అది అంగడి బాకీ కట్టడానికి దాచిన డబ్బు అని చెప్పలేక చెప్పింది. పెద్దలం కూర్చొని ఆ డబ్బు ఆమెకు తిరిగి ఇచ్చాము. అంతమందిలో అడగడానికి ధైర్యం చేసింది ఆమె ఒక్కతే. అడగలేక ఊరుకున్నవారు ఎంతమందో నాకు ఈనాటికీ తెలియదు.

ఇప్పుడు పౌలు ఏమి చేశాడో చూడండి. యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం ఆయన సంఘాలన్నిటా చందా పోగుచేస్తున్నాడు. అవసరం నిజమైనది, ఆయనకు తొందర కూడా ఉంది. అయినా రెండవ కొరింథీ పత్రిక ఎనిమిదవ అధ్యాయంలో, తాను ఆజ్ఞగా చెప్పడం లేదని ముందే తెలియజేస్తాడు. ఒకరు తమకు లేనిదాని కొలది కాక, కలిగినదాని కొలది ఇచ్చినదే ప్రీతికరమని అంటాడు. తొమ్మిదవ అధ్యాయం ఏడవ వచనం మీకు కంఠతా వచ్చు: "సణుగుకొనకయు బలవంతముగా కాకయు ప్రతివాడును తన హృదయములో నిశ్చయించుకొనిన ప్రకారము ఇయ్యవలెను." నిశ్చయించుకొనడానికి సమయం కావాలి. అందుకే మొదటి పత్రిక పదహారవ అధ్యాయంలో ఆయన, ప్రతి ఆదివారం ఎవరి దగ్గర వారు కొంత తీసి ఉంచుకోవాలని, తాను వచ్చినప్పుడు చందా పోగుచేయడం ఉండకూడదని రాశాడు. నేనైతే గొప్ప ప్రసంగీకుడు ఎదురుగా ఉన్నప్పుడే కానుక సంచి తిప్పితే ఎక్కువ వస్తుందని అనుకునేవాడిని. పౌలు తాను అక్కడ లేనప్పుడే ఆ పని ముగియాలని కోరాడు.

మీలో చురుకైనవారు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు. మాసిదోనియ వారు కటిక బీదరికంలో కూడా ఇచ్చారని పౌలు కొరింథు వారికి చెప్పాడు కదా, మీరు సిద్ధంగా లేకపోతే మనం సిగ్గుపడతామని కూడా రాశాడు కదా, అది ఒత్తిడి కాదా? కొంత ఒత్తిడి ఉన్నదనే నేను ఒప్పుకుంటాను. అయితే కొరింథు వారు ఏడాది క్రితమే ఇష్టపడి మొదలుపెట్టిన పనిని ఆయన గుర్తుచేస్తున్నాడు. పైగా ఎవరు ఎంత ఇచ్చారన్న మాట ఆ రెండు అధ్యాయాలలో ఎక్కడా లేదు. ఆ మాటలను సాకుగా చూపి మనం ఇంటింటి లెక్క చదవలేము.

ఇక పదియవ భాగం తేనివారు శాపగ్రస్తులని చెప్పే మలాకీ మూడవ అధ్యాయం. అక్కడ చెప్పిన మందిరపు నిధి, మందిరంలో సేవచేసే లేవీయుల ఆహారం కోసం ధాన్యం దాచే గిడ్డంగి. వారి భాగం అందకపోవడం వలన లేవీయులు తమ పొలాలకు వెళ్లిపోయారని నెహెమ్యా పదమూడవ అధ్యాయంలో ఉంది. మూడేళ్లకు ఒకసారి పదియవ భాగం ఊరిలోనే ఉంచి, లేవీయులతో పాటు పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు పెట్టాలని ద్వితీయోపదేశకాండము పదునాలుగవ అధ్యాయం చెబుతుంది. మలాకీ కూడా అదే అధ్యాయం ఐదవ వచనంలో కూలివాండ్రను, విధవరాండ్రను బాధపెట్టేవారిని ముందు గద్దించాడు. ఆ వచనం వదిలి, తొమ్మిదవ వచనంలోని శాపం మాత్రం కూలివాండ్ర మీదకే తిప్పడం న్యాయం కాదు. క్రీస్తు మనలను శాపం నుండి విమోచించాడని గలతీ పత్రిక చెబుతుండగా, రేకుల కప్పు కోసం శాపాన్ని తిరిగి తెచ్చుకోవడం మనకు తగదు.

తనకున్న రెండు కాసులూ కానుకగా వేసిన విధవరాలి సంగతి కూడా ఇటువంటిదే. మార్కు పన్నెండవ అధ్యాయంలో ఆ కథకు సరిగ్గా ముందు, విధవరాండ్ర ఇండ్లు దిగమింగే శాస్త్రులను యేసు ఖండించాడు. ఆ రెంటినీ కలిపి చదవండి. ఆమెను మెచ్చుకోవచ్చు, కానీ ఆమెను చూపి మరొక విధవరాలిని అడగకూడదు.

"కొంచెముగా విత్తువాడు కొంచెముగా పంటకోయును" అన్న మాటను మీరు, వంద ఇస్తే వెయ్యి వస్తుందన్న అర్థంలో రాశారు. మన నల్లరేగడి చేలలో శనగ విత్తి, వాన లేక విత్తనం ఖర్చు కూడా రాని ఏడాది మీ ఇండ్లలో అందరికీ తెలుసు. ఆ తరువాతి వచనాలలో పౌలు చెప్పిన పంట, మంచి పనులు చేయడానికి చాలినంత ఉండడం, ఆ సహాయం పొందినవారు దేవునికి స్తోత్రం చెల్లించడం.

కనుక మీ ప్రసంగంలో లెక్కను దాపరికం లేకుండా చెప్పండి. మేస్త్రి వేసిన అంచనా లక్షా ఇరవై వేలు, సంఘం ఖాతాలో ఉన్నది నలభై ఐదు వేలు, కావలసినది డెబ్బై ఐదు వేలు. అరవై కుటుంబాలకు పంచితే తలా 1,250 రూపాయలు వస్తుంది. ఆ అంకెను మాత్రం నోట పలకవద్దు. పలికితే ఉద్యోగస్థునికి అది తక్కువై అక్కడితో ఆగిపోతాడు, కూలి చేసేవానికి ఎక్కువై అప్పు తెస్తాడు. అప్పు చేసి ఎవరూ ఇవ్వవద్దని, ఈసారి ఇవ్వలేనివారు ఏ సంజాయిషీ చెప్పుకోనవసరం లేదని వినబడేలా చదవండి. కవర్ల మీద పేరు రాయించవద్దు. ఆ రోజే సంచి తిప్పక, మూడు ఆదివారాలు గుమ్మం దగ్గర పెట్టె ఉంచండి. సండే స్కూలు తరగతుల మధ్య పోటీ అసలే వద్దు, ఎందుకంటే ఆ పోటీలో ఓడిపోయేది ఇంటిలో డబ్బు లేనివారి పిల్లలే.

లెక్కించేటప్పుడు ఒకే కుటుంబానికి చెందని ఇద్దరు కూర్చొని, మొత్తం రిజిస్టరులో రాసి, ఇద్దరూ సంతకం చేయాలి. పౌలు కూడా చందా మోయడానికి తీతుతో పాటు సంఘాలు ఏర్పరచిన సహోదరుని పంపి, ప్రభువు దృష్టికే కాక మనుష్యుల దృష్టికి కూడా యోగ్యంగా ఉండాలని కారణం చెప్పాడు. డబ్బు చాలకపోతే వాన కారే పడమటి వైపు ముందు వేయించి, మిగతాది వచ్చే ఏటికి ఉంచుతామని ఇప్పుడే చెప్పండి. చాలినంత రాగానే పెట్టె తీసివేయండి. దేవుని గుడారం పనికి వస్తువులు చాలినంతకంటే ఎక్కువైనప్పుడు, ఇక తేవద్దని మోషే పాళెమంతటా చాటించాడని నిర్గమకాండము ముప్పై ఆరవ అధ్యాయంలో ఉంది.

మార్చి రాసిన కాగితాలు బుధవారంలోగా పంపితే, శనివారం సాయంత్రం గుడి అరుగు మీద కూర్చొని ఒకసారి పైకి చదువుదాము. మేస్త్రి అంచనా కాగితం కూడా తెండి.

మీ తాత