థాయ్ ముద్దుపేర్లు: అపోహలు - వాస్తవాలు

బ్యాంకాక్‌లో ఒక ఆఫీసు హెచ్‌ఆర్‌లో పనిచేస్తున్నాను. జీతాలు, ఇన్సూరెన్సు, టికెట్లు అన్నీ నా చేతుల మీదుగానే వెళ్తాయి. పేర్ల విషయంలో మనవాళ్లు తరచూ పొరపాటుపడేది ఇక్కడ.

అపోహ: ముద్దుపేరంటే అసలు పేరును కుదించుకోవడమే.

వాస్తవం: మన వెంకటేశ్వరరావు వెంకీ అయినట్టు ఉండదు. రెండింటికీ చాలాసార్లు సంబంధమే ఉండదు. ‘చ్యూ లెన్’ అంటారు, అంటే ఆటపేరు. మాజీ ప్రధాని యింగ్లక్ ముద్దుపేరు పూ, అంటే పీత. మా ఆఫీసులో మూ (పంది), కుంగ్ (రొయ్య), బ్యాంక్, గోల్ఫ్ ఉన్నారు. బిడ్డకు అందమైన పేరుంటే దయ్యాల కన్ను పడుతుందని పూర్వం ఇలా పిలిచేవారట. మనూళ్లలో పెంటయ్య, పుల్లయ్య పేర్లు పెట్టినట్టే. కాగితం మీది పేర్లు మాత్రం మనకు చుట్టాలే. విచై అంటే మన విజయ, తక్సిన్ అంటే దక్షిణ.

అపోహ: అది ఇంట్లో పిలుచుకోవడానికే.

వాస్తవం: ఆఫీసంతా దానితోనే నడుస్తుంది. పెద్దవాళ్లయితే ముందు ‘పీ’, చిన్నవాళ్లయితే ‘నాంగ్’ చేర్చి పిలుస్తారు, మన అన్న, తమ్ముడు లాగా. ఇంటిపేరుతో పిలవడం దాదాపు లేదు. ఇంటిపేర్లు చట్టంగా వచ్చిందే 1913లో. మర్యాదగా పిలవాలన్నా ‘ఖున్’ తర్వాత సొంత పేరే. చిక్కేమిటంటే, పదేళ్లు పక్క సీట్లో కూర్చున్నవాడి పూర్తి పేరు కూడా చాలామందికి తెలియదు. ఒకసారి మా సహోద్యోగిని ఆస్పత్రిలో చేర్చారని చూడటానికి వెళ్లాం. రిసెప్షన్‌లో పేరడిగితే నలుగురమూ ‘లెక్’ అన్నాం. లెక్ అంటే చిన్నోడు. రిసెప్షన్ అమ్మాయి నవ్వింది. చివరికి నేను ఆఫీసుకు ఫోన్ చేసి ఫైలు తీయించాల్సి వచ్చింది.

అపోహ: ముద్దుపేరు మారుతుందేమో గానీ అసలు పేరు స్థిరం.

వాస్తవం: తరచూ తలకిందులుగా జరుగుతుంది. జాతకం బాగాలేదనో, ఉద్యోగం రావడంలేదనో జిల్లా కార్యాలయానికి వెళ్లి సొంత పేరు మార్చుకుంటారు. ముద్దుపేరు మాత్రం పుట్టినప్పటిదే. హైదరాబాద్ ట్రైనింగ్‌కి ఐదుగురిని పంపమని మేనేజరు లైన్ యాప్‌లో ముద్దుపేర్లే పెట్టాడు. ఐడీ కార్డులు తెప్పించుకుని వాటి ప్రకారం టికెట్లు తీశాను. వీసా వేళ చూస్తే గోల్ఫ్ కార్డులో కొత్త పేరు, పాస్‌పోర్టులో పాత పేరు! అతను కొత్త పాస్‌పోర్టు తీసుకునేదాకా వీసా ఆగింది, టికెట్ తేదీ మార్పుకి డబ్బు కట్టాం.

అప్పటినుంచి నా షీట్‌లో ముద్దుపేరు ఒక కాలమ్, పాస్‌పోర్టులో ఉన్న ఇంగ్లిష్ స్పెల్లింగు ఒకటి, 13 అంకెల ఐడీ నంబరు ఒకటి. పేరు మారినా ఆ నంబరు మారదు. పేరు మార్చుకున్నవాళ్ల దగ్గర జిల్లా కార్యాలయం ఇచ్చిన సర్టిఫికెట్ కాపీ కూడా తీసుకుంటాను. ఇప్పుడు ఆఫీసులో ఇద్దరు లెక్‌లున్నారు. ఒకరిని లావు లెక్ అంటారు, అతనేమీ అనుకోడు.