పులుసుకు ఏ గిన్నె, దోసెకు ఏ పెనం: వంటపాత్రల మీద అపోహలు, వాస్తవాలు

హైదరాబాద్‌లో చిన్న కర్రీ పాయింట్ నడుపుతున్నాను, పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం కూరలు, పప్పు, పులుసు. కూర కట్టించుకునేటప్పుడు చాలామంది ఆడవాళ్లు ఒకటే అడుగుతారు, "అక్కా, నాన్‌స్టిక్ మంచిది కాదంట కదా, అన్నీ ఇనుపవే కొనెయ్యమంటావా?" అని. అన్నీ ఒకే రకం కొనకండి అనేదే నా జవాబు. ఎందుకంటే మన వంటలో సగం చింతపండు మీదే నడుస్తుంది, గిన్నెను ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది ఆ పులుపునే. రెండోది, ఆ వంటకు ఎంత మంట కావాలన్నది. మిగతావన్నీ ఆ తర్వాతే.

అపోహ: ఇనుప పాత్రలో ఏది వండినా ఆరోగ్యమే, ఒంటికి రక్తం పడుతుంది.

ఇనుప పాత్రలో వండితే కూరలోకి కొంత ఇనుము దిగే మాట నిజం. పులుపు, తడి ఎక్కువ ఉన్నప్పుడు, ఎక్కువసేపు ఉడికినప్పుడు ఇంకా ఎక్కువ దిగుతుంది. అలాగని రక్తహీనతకు అది మందు కాదు, డాక్టర్ రాసిన మాత్రలు మానేసి బాండీ కొనుక్కుంటే సరిపోదు. ఇంట్లో తలసీమియా ఉన్నవాళ్లు, ఒంట్లో ఇనుము ఎక్కువగా పేరుకునే జబ్బు ఉన్నవాళ్లు ఉంటే వాళ్లకు ఇనుప పాత్ర వంట పెట్టే ముందు డాక్టర్‌ను అడగాల్సిందే.

మా పక్కింటి అక్క సంగతి చెప్తాను. పోత ఇనుము బాండీ కొంది, చెప్పినట్టే కడిగి, నూనె పట్టించి, నాలుగుసార్లు కాల్చింది. లోపల నల్లగా, నున్నగా చక్కగా తయారైంది. ఆ వారమే అందులో చేపల పులుసు పెట్టింది. నిమ్మకాయంత చింతపండు, రెండు టమాటాలు, సన్న మంట మీద ముప్పావు గంట. చేపల పులుసు మర్నాటికి ఊరితేనే రుచి కదా, అందుకని రాత్రంతా ఆ బాండీలోనే వదిలేసింది. పొద్దున మూత తీస్తే పులుసు ఎర్రగా లేదు, సిరా కలిపినట్టు నల్లగా ఉంది, నాలుక మీద వేసుకుంటే తుప్పు పట్టిన మేకు చప్పరించినట్టు ఉంది. బాండీ లోపల పులుసు నిలిచిన గీత దాకా నలుపంతా పోయి బూడిద రంగు ఇనుము బయటపడింది. విషమైపోయిందేమో అని భయపడి నా దగ్గరకు తెచ్చింది.

విషం కాదు. ఇనుప పాత్ర మీద మనం కాల్చి పట్టించే నూనె గట్టిపడి పొరలా అతుక్కుంటుంది, చింతపండు పులుపు ఆ పొరను తినేస్తుంది. పొర పోయాక పులుపు నేరుగా ఇనుము మీద పడుతుంది, ఆ ఇనుము చింతపండులో ఉండే వగరుతో కలిసి నల్లబడుతుంది. వంకాయ, అరటికాయ ఇనుప బాండీలో నల్లబడేదీ ఈ వగరు వల్లే. గోంగూరకైతే ఇనుప పాత్ర అసలే వద్దు, ఆ ఆకు అంత పులుపు. పూర్వం ఇత్తడి గిన్నెలకు లోపల కళాయి పూయించి గానీ చారు పెట్టేవాళ్లు కాదు, అదీ ఈ పులుపు గొడవ వల్లే.

కాబట్టి పులుసు, చారు, పులిహోర గుజ్జు, గోంగూర, టమాటా పచ్చడి, ఇవన్నీ స్టీలులోనో మట్టి చట్టిలోనో చేయండి. దించే ముందు కాస్త నిమ్మరసం పిండే వేపుడు ఇనుములో చేసుకోవచ్చు, భయం లేదు, కాకపోతే వెంటనే వేరే గిన్నెలోకి తీసేయండి. అక్క బాండీ ఏం పాడవలేదు, మళ్లీ నూనె పట్టించి కాల్చాం, ఇప్పుడు దొండకాయ వేపుడు, బంగాళాదుంప వేపుడు అందులోనే చేస్తోంది.

అపోహ: ఇనుప పెనం మీద దోసె రాదు, నాన్‌స్టిక్ లేకపోతే అంతే.

నా టిఫిన్ల పెనం ఇనుపదే, రోజూ వందకు పైగా దోసెలు దాని మీద నుంచే లేస్తాయి. ఇంట్లో దోసె రాకపోతే నేను అడిగే మొదటి ప్రశ్న, దాని మీద చపాతీలు కూడా కాలుస్తున్నారా అని. పదిమందిలో ఏడెనిమిది మంది అవునంటారు. చపాతీ కాల్చేటప్పుడు నూనె లేకుండా పెనం బాగా కాగుతుంది, ఆ ఎండు వేడికి నూనె పొర మాడి రాలిపోతుంది, మర్నాడు పిండి ఇనుముకే అతుక్కుంటుంది. మన అమ్మమ్మలు దోసె పెనం, చపాతీ పెనం విడిగా ఉంచింది ఇందుకే.

కొత్త పెనం తెస్తే ముందు సబ్బుతో బాగా కడగండి, తుప్పు పట్టకుండా పూసిన నూనె పోవాలి. కొందరు రెండు మూడు రోజులు గంజి పోసి ఉంచుతారు, అదీ మంచిదే. తర్వాత పొయ్యి మీద పెట్టి తడి మొత్తం ఆరనివ్వండి. రెండు మూడు చుక్కల నూనె వేసి గుడ్డతో పెనమంతా రాయండి, ఆపైన ఇంకో పొడిగుడ్డతో నూనె లేనట్టే తుడిచేయండి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు, నూనె ఎక్కువ ఉంచితే పొర గట్టిపడదు, జిగటగా మిగులుతుంది, వేలు పెడితే అంటుకుంటుంది. సన్నగా రాశాక మధ్యస్థం మంట మీద పొగ వచ్చి తగ్గేదాకా కాల్చి, చల్లారనిచ్చి, మళ్లీ రాయండి. ఇలా నాలుగైదు సార్లు. మొదటి వారం ఊతప్పాలు, అట్లు పోసుకోండి, పల్చటి దోసె ఆ తర్వాత.

దోసె పోసేటప్పుడు పెనం మరీ కాలిపోయి ఉంటే పిండి గరిటెతో పాటే ముద్దగా లేచి వచ్చేస్తుంది. అప్పుడు కాసిని నీళ్లు చిలకరించి, సగం కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి రుద్ది, చుయ్‌మన్న శబ్దం తగ్గాక పిండి వేయండి. పోత ఇనుము నెమ్మదిగా వేడెక్కుతుంది, మంట తగిలిన చోట ముందు కాగుతుంది, అంచులకు ఆలస్యంగా అందుతుంది. అందుకే మధ్యస్థం మంట మీద ఐదారు నిమిషాలు ఓపిక పట్టాలి. పెద్ద మంట పెట్టి తొందరపడితే నడిమధ్య మాడి అంచులు పచ్చిగా ఉంటాయి. సబ్బు తగిలితే పెనం పాడవుతుందనే భయం కూడా అక్కర్లేదు, కొంచెం డిష్‌వాష్ లిక్విడ్‌తో కడిగితే ఏమీ కాదు. పెనాన్ని పాడుచేసేది సింకులో రాత్రంతా నానడం, తడి ఆరకుండా అలమరలో పెట్టడం.

అపోహ: నాన్‌స్టిక్ మీద గీత పడితే అది విషమే.

గీతల్లోంచి ఊడిన పొర ముక్క పొరపాటున కడుపులోకి వెళ్లినా ఒంటికి పట్టదు, అలాగే బయటికి పోతుంది. పొర ఊడుతున్న పెనం నేనూ వాడను, పారేయమనే చెప్తాను, కానీ అసలు ప్రమాదం గీతలో లేదు, వేడిలో ఉంది. ఆ పూత దాదాపు 260 డిగ్రీలు దాటితే చెడిపోవడం మొదలవుతుంది, ఇంకా వేడెక్కితే వచ్చే పొగ పీలిస్తే జలుబు జ్వరంలా వస్తుంది. ఇంట్లో చిలకలు, లవ్‌బర్డ్స్ ఉంటే ఆ పొగకే చచ్చిపోతాయి. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో అయితే ఇంకా ముందే, 170 డిగ్రీల దగ్గరే జాగ్రత్త పడమంది. ఖాళీ నాన్‌స్టిక్ పెనం పెద్ద మంట మీద పెట్టి ఫోన్ మాట్లాడుతూ నిలబడితే కొద్ది నిమిషాల్లోనే ఈ హద్దులు దాటిపోతాయి.

అందుకే ఎండుమిర్చి, నువ్వులు, పల్లీలు, కొబ్బరి దోరగా వేయించడానికి నాన్‌స్టిక్ వాడకండి, బాండీ తీయండి. ఆమ్లెట్‌కు, సన్న మంట మీద చేసే గుడ్డు పొరటుకు, పనీర్‌కు నాన్‌స్టిక్ బాగా పనికొస్తుంది. ముందే కొంచెం నూనె వేసి పెట్టండి, చెక్క గరిటె వాడండి, వేడి పెనాన్ని కుళాయి కింద పెట్టకండి.

అపోహ: స్టీలు బాండీలో అంతా అడుగంటుతుంది.

పల్చటి స్టీలులో అంటుతుంది, నిజమే. స్టీలు వేడిని సరిగా పంచలేదు, మంట ఎక్కడ తగిలితే అక్కడే మాడుతుంది. రెండు స్టీలు పొరల మధ్య అల్యూమినియం ఉండే ట్రైప్లై తీసుకుంటే ఆ బాధ చాలా తగ్గుతుంది, కూరకు తగిలేది స్టీలే కాబట్టి చింతపండుకూ భయం లేదు. ఒకటే పాత్ర కొనే డబ్బులుంటే నేనైతే ఇదే కొంటాను.

కాకపోతే వాడే తీరు మార్చుకోవాలి. ఖాళీ బాండీని మధ్యస్థం మంట మీద వేడి చేసి చుక్క నీళ్లు వేయండి. చుయ్‌మని ఆవిరైపోతే ఇంకా చాలలేదు, ముత్యంలా గుండ్రంగా చేరి దొర్లితే సరిపోయింది. మంట తగ్గించి, ఆ చుక్క తుడిచేసి నూనె పోసి, తడి లేకుండా తుడిచిన దుంప ముక్కలు వేసి మూడు నాలుగు నిమిషాలు కదపకండి. కింద వైపు ఎర్రబడ్డాక ముక్క తనంతట తనే వదులుతుంది. వేయగానే గరిటె పెట్టి గోకడం వల్లే సగం ముక్కలు అడుగున ఉండిపోతాయి.

అపోహ: పప్పుకు మూడు విజిల్స్, మాంసానికి ఆరు.

విజిల్ గడియారం కాదు. మంట పెద్దదైతే మూడు విజిల్స్ మూడు నిమిషాల్లో వచ్చేస్తాయి, చిన్నదైతే పది నిమిషాలు పట్టొచ్చు, పప్పు ఉడకడం మాత్రం నిమిషాల మీదే ఉంటుంది. మామూలుగా నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, కుక్కర్‌లో ఒత్తిడి వల్ల 120 దాకా వెళ్తాయి, పని తొందరగా అయ్యేది అందుకు. నేను చేసేది ఇది: గ్లాసు కందిపప్పు అరగంట నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్లు, పసుపు, చెంచా నూనె. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టి ఎనిమిది నుంచి పది నిమిషాలు, ఆపేసి ఆవిరి దానంతట అది పోయేదాకా ఆగుతాను.

అయినా ఉడకలేదంటే చాలాసార్లు కుక్కర్ తప్పు కాదు, ఇక్కడా పులుపే. చింతపండు రసం గానీ మామిడికాయ గానీ పప్పుతో పాటే వేస్తే గింజ మెత్తబడదు. నా దగ్గర మామిడికాయ పప్పుకు ముక్కల్ని కుక్కర్‌లోనే చిన్న గిన్నెలో విడిగా పెడతాను, పప్పు మెదిపాక కలుపుతాను. బోరు నీళ్లు బాగా గట్టివైనా అంతే, అదే పప్పును తాగే నీళ్లతో వండి చూడండి, తేడా తెలుస్తుంది.

ఇక కుక్కర్ పేలుతుందన్న భయం. నా దుకాణం మొదటి ఏడాది సేఫ్టీ వాల్వ్ ఎగిరిపోయి పప్పు సీలింగ్‌కు కొట్టింది, ఎవరికీ ఏమీ కాలేదు. కారణం నేనే, తొందరలో కుక్కర్ ముప్పాతిక నిండా పప్పు పోశాను, నురగ పొంగి ఆవిరి గొట్టం మూసుకుపోయింది. అప్పటినుంచి పప్పు, నీళ్లు కలిపి సగం దాటనివ్వను. మూత పెట్టే ముందు ప్రతిసారీ ఆ గొట్టాన్ని వెలుతురుకు పెట్టి అవతల కనిపిస్తోందో లేదో చూస్తాను, ఆవిరి ధారగా వచ్చాకే వెయిట్ పెడతాను. మూత అంచు నుంచి బుస్సుమంటుంటే గ్యాస్కెట్ గట్టిపడిందని అర్థం, మార్చేయాలి. సేఫ్టీ వాల్వ్ ఒక్కసారి కరిగి ఎగిరితే మళ్లీ ఏదో అడ్డుపెట్టి వాడకూడదు, ఆ కంపెనీ వాల్వే కొని బిగించాలి.